60 పేజీల రిపోర్టును 6 స్లైడ్‌లుగా మార్చడం: పై అధికారుల నిర్ణయం కోసం డెక్ తయారుచేసే పద్ధతి

"రిపోర్టు బాగుంది. గురువారం డైరెక్టర్ల ముందు పెట్టాలి, చిన్న డెక్ చేసి ఇవ్వండి." ఈ మాట విన్నాక చాలామంది మొదట చేసే పని ఒకటే. ఒక పక్క రిపోర్టు, మరో పక్క ఖాళీ స్లైడ్ తెరిచి, మొదటి అధ్యాయం నుంచి ఒక్కో పేరా కాపీ చేసి బుల్లెట్లుగా విరుస్తారు. సాయంత్రానికి 35 స్లైడ్‌లు తయారవుతాయి. అవన్నీ కలిపితే అదే రిపోర్టు, కాకపోతే అక్షరాలు పెద్దవి.

రిపోర్టు నిర్మాణం వేరు, డెక్ నిర్మాణం వేరు. నేపథ్యం, పద్ధతి, లెక్కలు, విశ్లేషణ, చివర్లో సిఫారసు: రిపోర్టు ఈ వరుసలో నడుస్తుంది. నిర్ణయం తీసుకునే మనిషికి కావలసింది దాదాపు దీనికి తిరగబడిన వరుస. అందుకే వాక్యాలను కుదించి లాభం లేదు, వరుసనే మార్చాలి. ఆ పని ఎలా చేయాలో ఒక ఉదాహరణను పట్టుకుని చివరిదాకా చూద్దాం.

ఉదాహరణ ఇది (ఊహించి రాసినదే, అంకెలు కూడా నేను వేసుకున్నవే). గృహోపకరణాలు అమ్మే ఒక కంపెనీ. రిపేర్లు ఎందుకు ఆలస్యమవుతున్నాయో సర్వీస్ విభాగం 60 పేజీల రిపోర్టు రాసింది. విడిభాగాలన్నీ ఇప్పుడు ఒకే కేంద్ర గోదాములో ఉన్నాయి. వాటిలో కొన్నింటిని ఆరు బ్రాంచ్‌లలోనూ నిల్వ ఉంచాలన్నది సిఫారసు. డైరెక్టర్ల మీటింగ్‌లో దీనికి దొరికిన సమయం 20 నిమిషాలు.

## 1. స్లైడ్ తెరవకముందు తెలుసుకోవలసిన నాలుగు సంగతులు

మీటింగ్ పెట్టించిన వ్యక్తితో పది నిమిషాలు మాట్లాడండి. ఆయన దొరక్కపోతే ఆయన దగ్గర పనిచేసేవారిని అడగండి. ఈ పది నిమిషాలు తరువాత రెండు రోజుల పని తప్పిస్తాయి.

- ఈ మీటింగ్ అయ్యేసరికి ఎవరు దేనికి "సరే" అనాలి?
- గదిలో ఎవరెవరు ఉంటారు? ఈ విషయం మీద వారికి ఇప్పటికే ఉన్న అభిప్రాయం ఏమిటి?
- డెక్‌ను ముందుగా పంపించి చదివిస్తారా, లేక మనం నిలబడి చూపిస్తామా?
- ఎజెండాలో ఇచ్చిన సమయం ఎంత, మన ముందు ఎన్ని అంశాలున్నాయి?

మొదటి ప్రశ్నకు "అందరికీ తెలియజేయడం కోసం" అని జవాబు వస్తే అక్కడే ఆగకండి. "తెలిశాక వాళ్లు ఏం చేయాలని మీరు అనుకుంటున్నారు?" అని మళ్లీ అడగండి. మన ఉదాహరణలో ఈ రెండో ప్రశ్నకే అసలు సంగతి బయటపడింది. కావలసింది 36 లక్షల ఖర్చుకు ఆమోదం. ఆ ఆమోదం ఇవ్వాల్సింది ఫైనాన్స్ డైరెక్టర్. నిల్వల్లో డబ్బు ఇరుక్కుపోవడం ఆమెకు ఇష్టం లేదు. ఈ ఒక్క విషయం తెలియగానే డెక్‌లో ఏ స్లైడ్‌కు బలం కావాలో తేలిపోయింది.

మూడో ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. ముందుగా పంపే డెక్‌ను పక్కన మనం లేకుండా చదువుతారు కాబట్టి ప్రతి స్లైడ్ తనంతట తాను అర్థం కావాలి, అంటే దానిలో మాటలు కాస్త ఎక్కువ ఉంటాయి. నిలబడి చూపించే డెక్‌లో అన్ని మాటలు అక్కర్లేదు. ఒకే ఫైలుతో రెండూ చేయాల్సివస్తే, చదివేవారి కోసమే తయారుచేయండి. మీటింగ్‌లో స్లైడ్ చదవకుండా దాని గురించి మాట్లాడండి.

సమయం లెక్క కూడా ఇప్పుడే వేసుకోవాలి. 20 నిమిషాలు ఇచ్చారంటే మీరు మాట్లాడేది పది నిమిషాలే, మిగతాది వాళ్ల ప్రశ్నలకు. పది నిమిషాల్లో ఆరు స్లైడ్‌లు హాయిగా పడతాయి. ఎనిమిది దాటితే చివరివాటి దగ్గర పరుగెత్తాల్సివస్తుంది, ఏం ఆమోదించాలో వివరంగా చెప్పే స్లైడ్ ఉండేది ఆ చివర్లోనే.

## 2. రిపోర్టును వెనక నుంచి చదవండి

ముందుగా సిఫారసుల అధ్యాయం చదవండి. ప్రతి సిఫారసు దగ్గర "ఇది దేని మీద నిలబడింది?" అని అడుగుతూ ఆధారం ఉన్న పేజీకి వెళ్లండి. అక్కడి నుంచి ఆ ఆధారం వెనకున్న పట్టికకు. మొదటి పేజీ నుంచి చదివితే అన్నీ ముఖ్యమైనవిగానే కనిపిస్తాయి. వెనక నుంచి చదివితే సిఫారసును ఏది మోస్తోందో, ఏది పక్కన ఊరికే నిలబడి ఉందో తెలుస్తుంది.

చదువుతూ ఒక కాగితం మీదో ఎక్సెల్ షీట్‌లోనో మూడు గడులు నింపుకోండి: మాట, దాన్ని నిలబెట్టే అంకె, పేజీ నంబరు. మన రిపోర్టు నుంచి వచ్చిన వరుసలు ఇలా ఉన్నాయి.

- ఏడాదిలో వచ్చిన 12,000 రిపేర్లలో 5,000 ఐదు రోజుల గడువు దాటాయి. పేజీ 14.
- ఆ 5,000లో 3,500 విడిభాగం కోసం ఆగినవి. పేజీ 22.
- ఆ 3,500లో 2,800 కేవలం 40 రకాల విడిభాగాలకు సంబంధించినవి. మొత్తం రకాలు 1,100. పేజీ 27.
- రెండు బ్రాంచ్‌లలో మూడు నెలలు ఆ 40 రకాలను ముందే నిల్వ ఉంచి చూశారు. గడువు దాటినవి 22 శాతానికి తగ్గాయి. పేజీ 41.
- ఆరు బ్రాంచ్‌లలో 40 రకాల నిల్వకు 36 లక్షలు. పేజీ 48.

60 పేజీలలో సిఫారసును మోస్తున్నవి ఈ ఐదు వరుసలే. సర్వే పద్ధతి, నెలవారీ పట్టికలు, టెక్నీషియన్ల శిక్షణ మీద అధ్యాయం, కస్టమర్ల వ్యాఖ్యలు, ఇవేవీ తప్పు కావు. కానీ 36 లక్షలకు "సరే" అనడానికి ఇవి అక్కర్లేదు.

పేజీ నంబరు రాసుకోవడం చాదస్తంగా అనిపించవచ్చు. మీటింగ్‌లో "ఈ 3,500 ఎక్కడిది?" అని అడిగినప్పుడు రెండు సెకన్లలో "22వ పేజీ" అని చెప్పగలగడానికీ, "చూసి చెబుతానండీ" అనడానికీ చాలా తేడా ఉంది. రెండో జవాబు తరువాత మిగతా అంకెల మీద కూడా అనుమానం మొదలవుతుంది.

## 3. మొత్తం విషయాన్ని ఒక్క వాక్యంలో రాయండి

ఇది రాసేదాకా స్లైడ్ ముట్టుకోకండి. ఆ వాక్యంలో మూడు ఉండాలి: ఏం కోరుతున్నాం, దానివల్ల ఏం వస్తుంది, ఎంత ఖర్చు.

నేను చూసిన డెక్‌లలో ఈ వాక్యం ఉండాల్సిన చోట ఎక్కువగా కనిపించేది ఇలాంటిది: "సర్వీస్ నాణ్యత మెరుగుపరచడానికి విడిభాగాల నిర్వహణలో సమగ్ర మార్పులు అవసరమని అధ్యయనం సూచిస్తోంది." దీనితో ఎవరూ విభేదించలేరు. విభేదించడానికి ఏమీ లేని వాక్యంలో నిర్ణయించడానికీ ఏమీ ఉండదు.

మన ఉదాహరణకు సరైన వాక్యం ఇది: "40 రకాల విడిభాగాలను ఆరు బ్రాంచ్‌లలో నిల్వ ఉంచితే ఏడాదికి సుమారు 2,000 రిపేర్ల ఆలస్యం తగ్గుతుంది, దీనికి ఒకసారి 36 లక్షల పెట్టుబడి కావాలి."

పరీక్ష కావాలంటే, ఈ విషయంతో సంబంధం లేని సహోద్యోగికి ఆ వాక్యం ఒక్కసారి చదివి వినిపించండి. "అయితే వాళ్లను ఏం అడుగుతున్నారు?" అని ఆయన అడిగారంటే వాక్యం ఇంకా తయారు కానట్టే.

రిపోర్టులో ఇరవై సిఫారసులుంటే ఒక్క వాక్యం ఎలా వస్తుందని అడిగేవారున్నారు. ఆ ఇరవైలో ఈ గదిలోని మనుషులు మాత్రమే తేల్చగలిగినవి ఎన్నో చూడండి. మిగిలినవి విభాగం స్థాయిలో జరిగిపోయేవి, వాటికి డైరెక్టర్ల ఆమోదం అక్కర్లేదు. మన రిపోర్టులో సిఫారసులు తొమ్మిది. డైరెక్టర్లు తేల్చాల్సింది ఒకటి. తక్కిన ఎనిమిదీ చివరి స్లైడ్‌లో ఒక్క లైనుగా మిగిలాయి: "ఇతర మార్పులు విభాగం పరిధిలోనే మొదలయ్యాయి."

## 4. శీర్షికలు మాత్రమే రాసి కథ నిలబెట్టండి

ఇప్పుడు ఆరు శీర్షికలు. కాగితం మీద రాయండి, లేదా పవర్‌పాయింట్‌లో View మెనూలోని Outline View తెరిచి శీర్షికలు మాత్రమే టైప్ చేయండి. చార్టులూ రంగులూ ఇప్పుడొద్దు.

ప్రతి శీర్షిక పూర్తి వాక్యం కావాలి. "ఆలస్యానికి కారణాలు" అనేది అంశం పేరు. "గడువు దాటిన ప్రతి పది రిపేర్లలో ఏడు విడిభాగం లేక ఆగినవే" అనేది వాక్యం. మొదటిది చదివినవారు కారణమేమిటో చార్టులో వెతుక్కోవాలి. రెండోది చదివినవారికి అదే తెలిసిపోతుంది, నమ్మకం కుదరాలంటే చార్టు చూస్తారు.

మన డెక్ శీర్షికలు ఇవి.

1. 40 రకాల విడిభాగాలను ఆరు బ్రాంచ్‌లలో ఉంచడానికి 36 లక్షల ఆమోదం కోరుతున్నాం
2. ప్రతి 100 రిపేర్లలో 42 ఐదు రోజుల గడువు దాటుతున్నాయి
3. గడువు దాటిన వాటిలో 70 శాతం విడిభాగం లేక ఆగినవి, వాటిలో ఎక్కువ భాగం 40 రకాల దగ్గరే
4. రెండు బ్రాంచ్‌లలో ఆ 40 రకాలను నిల్వ ఉంచగానే ఆలస్యాలు తగ్గాయి
5. మూడు మార్గాల్లో తక్కువ డబ్బు అయ్యేది ఇదే, నిల్వల్లో ఇరుక్కునేది 36 లక్షలే
6. ఈ నెల ఆమోదం వస్తే మూడు నెలల్లో ఆరు బ్రాంచ్‌లూ సిద్ధమవుతాయి

ఇప్పుడు ఇవి మాత్రమే పైకి చదవండి. ఒకదాని నుంచి ఒకటి పుడుతున్నట్టు వినిపించాలి. రెండోది వినగానే "ఎందుకు?" అనిపిస్తుంది, మూడోది జవాబు. మూడోది వినగానే "ఇది సరిచేస్తే నిజంగా తగ్గుతుందా?" అనిపిస్తుంది, నాలుగోది జవాబు. ఎక్కడైనా శ్రోత మనసులో పుట్టే ప్రశ్న ఒకటి, మీ తరువాతి శీర్షిక మరొకటి అయితే అక్కడ తెగిందని అర్థం.

ఐదో శీర్షిక మాటలు గమనించండి. మొదటి చిత్తులో అది "మూడు మార్గాల్లో ఇదే మేలైనది" అని ఉంది. ఫైనాన్స్ డైరెక్టర్ ఆందోళన నిల్వల్లో ఇరుక్కునే డబ్బు గురించి అని ముందే తెలుసు కాబట్టి ఆ మాటే శీర్షికలోకి తెచ్చాం. మొదటి మెట్టులో అడిగిన ప్రశ్న ఇక్కడ పనికొచ్చింది.

## 5. మొదటి స్లైడ్‌లోనే అడగండి

"ముందే అడిగితే ఆధారాలు చూడకుండానే కాదంటారేమో" అన్న భయం చాలామందికి ఉంటుంది. నాకూ ఉండేది. ఒకసారి 30కి పైగా స్లైడ్‌లతో వెళ్లాను. నాలుగో స్లైడ్ దగ్గర అధ్యక్షస్థానంలో ఉన్నావిడ మర్యాదగానే, "మా నుంచి మీకు ఏం కావాలో ముందు చెప్పండి" అన్నారు. చివరి స్లైడ్‌కు దూకాను. మధ్యలో ఉన్న ఆధారాలు చూపించే అవకాశం మళ్లీ రాలేదు. అడిగేదేమిటో ముందే తెలిస్తే మిగతా స్లైడ్‌లను ఆ కోరికకు ఆధారాలుగా చూస్తారు. తెలియకపోతే ప్రతి స్లైడ్ దగ్గరా "ఇది ఎటు పోతోంది?" అని వెతుక్కుంటూ ఉంటారు.

మొదటి స్లైడ్‌లో శీర్షిక కింద నాలుగు లైన్లు చాలు: సమస్య ఒక లైను, కారణం ఒక లైను, ప్రతిపాదన ఒక లైను, ఖర్చు, ఫలితం కలిపి ఒక లైను. మధ్యలో ఫోన్ వచ్చి ఎవరైనా లేచి వెళ్లిపోయినా, ఈ స్లైడ్ చూసి ఉంటే ఓటు వేయగలగాలి. కంపెనీ లోగో, ధన్యవాదాలు, విషయసూచిక, బృందం పేర్లు దీనికి ముందు వద్దు. ఆరు స్లైడ్‌ల డెక్‌కు విషయసూచిక అవసరమే లేదు.

## 6. ఒక పట్టికను ఒక చార్టుగా మార్చడం

మూడో స్లైడ్‌ను దగ్గరగా చూద్దాం. రిపోర్టు 22వ పేజీలో ఆలస్యాల పట్టిక ఉంది. ఆరు బ్రాంచ్‌లు అడ్డంగా, తొమ్మిది కారణాలు నిలువుగా, మొత్తం 54 గడులు. రిపోర్టులో అది సరిగ్గానే ఉంది, బ్రాంచ్ మేనేజరు తన వరుస వెతుక్కుంటాడు. స్లైడ్ మీద అదే పెడితే గదిలో ప్రతివారూ వేరువేరు గడి చూస్తూ ఉంటారు.

మొదట, శీర్షికకు సంబంధం లేని కోణం తీసేయండి. శీర్షిక కారణాల గురించి. బ్రాంచ్‌ల మధ్య తేడా గురించి కాదు. కాబట్టి ఆరు నిలువు వరుసలను కూడి ఒకటి చేయండి.

తరువాత, తొమ్మిది కారణాలను కలపండి. విడిభాగానికి సంబంధించినవి మూడు పేర్లతో ఉన్నాయి: ఆర్డర్ పెట్టడంలో జాప్యం, గోదాములో లేకపోవడం, రవాణాలో ఉండటం. ఈ మూడూ ఒక్కటయితే 3,500. టెక్నీషియన్ దొరకనివి 900. కస్టమర్ ఇంట్లో లేకపోవడం వంటి మిగతావన్నీ 600. మూడు అడ్డ బార్లు, పెద్దది పైన. మొత్తం 5,000 అవుతోందో లేదో కూడి చూసుకోండి.

పెద్ద బార్‌కు ఒక ముదురు రంగు, మిగతా రెండింటికీ బూడిద రంగు. అంకెలు బార్ల చివరే రాయండి, అప్పుడు కొలగీతలూ పక్కన రంగుల సూచికా తీసేయవచ్చు. బార్ చార్టు ఎప్పుడూ సున్నా నుంచే మొదలుకావాలి. నిడివిని బట్టే కన్ను పోలుస్తుంది కాబట్టి మధ్యలోంచి మొదలుపెడితే చిన్న తేడా పెద్దగా కనిపిస్తుంది. లెక్కలు తెలిసినవారు అది పట్టుకున్నారంటే మిగతా డెక్‌ను కూడా అనుమానంగానే చూస్తారు.

40 రకాల సంగతి కోసం మరో చార్టు అక్కర్లేదు. ముదురు బార్‌నే రెండు ముక్కలు చేసి, "2,800: 40 రకాలు", "700: మిగతా 1,060 రకాలు" అని రాస్తే సరిపోతుంది.

అక్షరాల సైజు విషయంలో ఒక మాట. శీర్షిక 28, లోపలి మాటలు 18 పాయింట్లకు తగ్గకుండా ఉంచండి. మాటలు పట్టట్లేదని సైజు తగ్గించాలనిపిస్తే, తగ్గించాల్సింది మాటలను. స్లైడ్‌ను ఫోన్‌లో తెరిచి చూడండి కూడా. ముందుగా పంపిన డెక్‌ను కారులో కూర్చుని ఫోన్‌లోనే చదివేవారు పై స్థాయిలో చాలామంది ఉంటారు.

## 7. అంకెలను మళ్లీ కట్టి చూడండి

రిపోర్టులో ఒక అంకె చుట్టూ పది వాక్యాల వివరణ ఉంటుంది. స్లైడ్‌కు వచ్చేసరికి వివరణ రాలిపోయి అంకె ఒంటరిగా మిగులుతుంది. తప్పులు ఇక్కడే దూరతాయి. మన ఉదాహరణలోనే రెండు దొరికాయి.

మొదటిది కాలవ్యవధి. 9వ పేజీలో రిపేర్ల సంఖ్య 14,100 అని, 14వ పేజీలో 12,000 అని ఉంది. రెండూ నిజమే. సమాచారం సేకరించింది 14 నెలలకు, విశ్లేషించింది 12 నెలలకు. స్లైడ్ 2లో ఒకటి, స్లైడ్ 3లో ఇంకొకటి పడితే ఎవరికైనా లెక్క తప్పిందనే అనిపిస్తుంది. డెక్ అంతటా 12 నెలల లెక్కే వాడి, చార్టు కింద చిన్నగా "గత 12 నెలలు, 12,000 రిపేర్లు" అని రాశాం.

రెండోది ఇంకా లోతైనది. మొదటి చిత్తులో నాలుగో శీర్షిక కింది లైను "ఆలస్యాలు 42 శాతం నుంచి 22 శాతానికి తగ్గాయి" అని ఉంది. 42 అనేది ఆరు బ్రాంచ్‌ల మొత్తానికి లెక్క. 22 మాత్రం ప్రయత్నం చేసిన రెండు బ్రాంచ్‌లది. ఆ రెండింటిలో అంతకుముందు ఎంత ఉండేదో అనుబంధంలో వెతికితే 39 శాతం అని తేలింది. అంటే నిజమైన తగ్గుదల 17 పాయింట్లు, 20 కాదు. ఆ లైనును "39 నుంచి 22 శాతానికి" అని మార్చాం.

మూడో మెట్టులో రాసుకున్న వాక్యంలోని 2,000 కూడా దీన్నిబట్టే వచ్చింది: 12,000లో 17 శాతం 2,040. ఆరు బ్రాంచ్‌లలోనూ ఇంతే తగ్గుతుందనుకుంటేనే ఈ లెక్క నిలుస్తుంది, ఆ షరతు స్లైడ్ మీద రాయాలి. ఆ 40 రకాల సమస్య పూర్తిగా తీరినా తగ్గగలిగేది 2,800 కాబట్టి 2,000 అనేది అతిశయం కాదని కూడా తెలిసింది.

ఇలా వెతకడానికి ఒక పద్ధతి ఉంది. డెక్‌లోని ప్రతి అంకె దగ్గర మూడు ప్రశ్నలు వేయండి.

- ఎంతలో ఇంత? (5,000లోనా, 12,000లోనా)
- ఎప్పటి నుంచి ఎప్పటిదాకా?
- ఎక్కడిది, ఏ పేజీ?

జవాబులను ఆ స్లైడ్ కింద ఉండే Notes గడిలో రాసిపెట్టుకోండి.

## 8. మార్గాల స్లైడ్, నిర్ణయం స్లైడ్

ఐదో స్లైడ్‌లో మూడు వరుసల పట్టిక సరిపోతుంది. మొత్తం 1,100 రకాలనూ బ్రాంచ్‌లలో ఉంచితే 2.4 కోట్లు. 40 రకాలు మాత్రమే ఉంచితే 36 లక్షలు. నిల్వ ఏదీ పెంచకుండా కేంద్ర గోదాము నుంచి వేగంగా పంపే ఏర్పాటు చేస్తే ఏటా 55 లక్షలు.

ఇక్కడ ఒక జాగ్రత్త. మొదటి రెండూ ఒకసారి పెట్టే డబ్బు, మూడోది ఏటేటా పోయే డబ్బు. నిల్వలో పెట్టింది సరుకుగా మన దగ్గరే ఉంటుంది, రవాణాకు ఇచ్చింది ఖర్చయిపోతుంది. ఈ తేడా చూపకుండా మూడు అంకెలను పక్కపక్కన పెడితే ఫైనాన్స్ వారు వేసే మొదటి ప్రశ్న అదే. "ఒకసారి", "ఏటా" అని గడిలోనే రాయండి. మీరు ఎంచుకున్న మార్గంలోని లోపం కూడా అక్కడే చెప్పండి. మనదానిలో లోపం: మోడళ్లు మారితే కొన్ని విడిభాగాలు అమ్ముడుపోకుండా మిగిలిపోవచ్చు. ఆరు నెలలకోసారి ఆ 40 రకాల జాబితాను సమీక్షించడం దానికి విరుగుడు.

ఆరో స్లైడ్‌లో ఏం ఆమోదించాలి, ఎప్పటిలోగా, బాధ్యత ఎవరిది, తొలి ఫలితం ఎప్పుడు చూపిస్తాం, ఈ నాలుగూ ఉండాలి. "తదుపరి చర్యలు: బృందాలతో చర్చించడం" లాంటి మాటలు వద్దు. చర్చించాక ఏం జరుగుతుందో అదే రాయండి. ప్రయత్నం చేసిన రెండు బ్రాంచ్‌లూ పెద్దవేనన్న పరిమితి కూడా ఈ స్లైడ్ మీదే ఉంది, దానికి తగ్గట్టు మొదటి నెలలో ఒక చిన్న బ్రాంచ్‌తో మొదలుపెట్టాలన్న ఏర్పాటు కూడా. పరిమితిని మనం చెబితే అది జాగ్రత్త అవుతుంది. వాళ్లు కనిపెడితే దాచినట్టవుతుంది.

## 9. తీసేసినవి ఎక్కడ పెట్టాలి

పారేయకండి. ఆరో స్లైడ్ తరువాత "అనుబంధం" అని ఒక ఖాళీ స్లైడ్ పెట్టి, దాని వెనక నాలుగైదు స్లైడ్‌లు ఉంచండి. ఏవి ఉంచాలో తేల్చడానికి, గదిలో ఉండే ఒక్కొక్కరి పేరు రాసి, వారు అడిగే అవకాశం ఉన్న ఒక్క ప్రశ్న ఎదురుగా రాయండి. జవాబుకు చార్టు కావలసిన ప్రశ్నలకే అనుబంధం స్లైడ్. మన డెక్‌లో అవి బ్రాంచ్‌వారీ పట్టిక, 40 రకాల జాబితా, 36 లక్షల విడివిడి లెక్క, సమాచార సేకరణ పద్ధతి.

ప్రశ్న వచ్చినప్పుడు స్లైడ్‌లను ఒక్కొక్కటిగా దాటుకుంటూ వెళ్లనక్కర్లేదు. పవర్‌పాయింట్ స్లైడ్ షో నడుస్తుండగా స్లైడ్ నంబరు కొట్టి Enter నొక్కితే నేరుగా అక్కడికి వెళుతుంది. అనుబంధం స్లైడ్‌ల నంబర్లు ఒక చీటీ మీద రాసి దగ్గర పెట్టుకోండి. చర్చ నడుస్తున్నప్పుడు తెర ఖాళీగా ఉండాలనిపిస్తే B నొక్కండి, మళ్లీ నొక్కితే స్లైడ్ వస్తుంది.

## 10. తరచూ కనిపించే తప్పులు, సవరణలు

ఒకే స్లైడ్‌లో రెండు వాదనలు. శీర్షికలో "మరియు" వచ్చిందంటే అనుమానించండి. రెండో వాదన లేకుండా తరువాతి స్లైడ్ నిలబడితే ఆ వాదనను తీసేయండి, నిలబడకపోతే దానికే ఒక స్లైడ్ ఇవ్వండి.

రాసినవారి పట్టుదల. రిపోర్టు రాసిన బృందం తమ అధ్యాయం డెక్‌లో లేదని బాధపడుతుంది. ఇది సహజం, వాళ్ల కష్టం నిజమైనది. శీర్షికల వరుసను స్లైడ్‌లు తయారు కాకముందే వాళ్లకు చూపించండి. "ఇది లేకపోతే ఏ శీర్షిక కూలిపోతుంది?" అని అడగండి. కూలిపోయేది ఉంటే చేర్చాల్సిందే. లేకపోతే అనుబంధంలో చోటిస్తే సమ్మతిస్తారు.

జాగ్రత్త మాటలన్నీ రాలిపోవడం. రిపోర్టులో "తగ్గే అవకాశం ఉంది" అని ఉన్నది స్లైడ్‌లో "తగ్గుతుంది" అయిపోతుంది. పూర్తయిన డెక్‌ను రిపోర్టు రాసినవారిలో ఒకరికి ఇచ్చి, "మీరు అనని మాట నేను ఎక్కడైనా అన్నానా?" అని మాత్రమే అడగండి. "ఎలా ఉంది?" అని అడిగితే రంగుల గురించి చెబుతారు.

చార్టుతో పాటు మొత్తం ఎక్సెల్ వెళ్లిపోవడం. ఎక్సెల్ చార్టును వర్క్‌బుక్‌తో సహా అతికిస్తే, ఆ ఫైలులోని మిగతా షీట్లు కూడా డెక్ లోపల కూర్చుంటాయి. చార్టు మీద నొక్కి డేటా తెరిచినవారికి జీతాల షీటైనా కనిపించవచ్చు. చార్టును బొమ్మగా అతికించండి, లేదా డెక్‌ను పీడీఎఫ్‌గా పంపండి. పవర్‌పాయింట్ ఫైలే పంపాల్సివస్తే, మీరు Notes లో రాసుకున్నవి కూడా అవతలివారికి వెళతాయి. పంపే కాపీని File > Info > Check for Issues > Inspect Document ద్వారా చూసి, అక్కర్లేనివి తీసేయండి. అసలు ఫైలు మీ దగ్గరే ఉంచుకోండి.

## 11. పంపేముందు, మీటింగ్‌కు ముందు

గడియారం పెట్టుకుని రెండుసార్లు పైకి చెప్పుకోండి. మొదటిసారి పది నిమిషాల్లో, రెండోసారి మూడు నిమిషాల్లో. ముందు అంశాలు సాగిపోయి మీ 20 నిమిషాలు ఐదుకు కుదించుకుపోవడం మామూలే. అప్పుడు స్లైడ్ 1, 4, 6 మాత్రమే చూపించాలని ముందే అనుకుని ఉంటే టెన్షన్ ఉండదు.

- శీర్షికలు మాత్రమే చదివితే వాదన మొత్తం అర్థమవుతోందా?
- మొదటి స్లైడ్‌లో కోరిక, ఖర్చు, ఫలితం మూడూ ఉన్నాయా?
- ఒకే అంకె రెండు చోట్ల వస్తే రెండు చోట్లా ఒకేలా ఉందా?
- ప్రతి అంకెకు పేజీ నంబరు రాసుకున్నారా?
- పరిమితి, నష్టభయం మీరే చెప్పారా?
- అనుబంధం స్లైడ్‌ల నంబర్లు చేతిలో ఉన్నాయా?
- ఫోన్‌లో తెరిచి చదివి చూశారా?

డెక్‌ను మీటింగ్‌కు రెండు రోజుల ముందే పంపండి, రిపోర్టు పూర్తి ప్రతిని దానికి జతచేయండి. వీలైతే ఎక్కువ సందేహాలున్న వ్యక్తిని, మన ఉదాహరణలో ఫైనాన్స్ డైరెక్టర్‌ను, ముందురోజు ఐదు నిమిషాలు కలిసి ఐదో స్లైడ్ ఒక్కటే చూపించండి. ఆవిడ అడిగే ప్రశ్నకు ఆ రాత్రే జవాబు సిద్ధం చేసుకోవచ్చు, అవసరమైతే ఆ పట్టికలో ఇంకో గడి చేర్చవచ్చు.